తేదీని ఊహించే పార్సర్ మనకొద్దు

బయటి ఏపీఐల నుంచి డేటా తెచ్చుకునే ప్రతి టీమ్‌లోనూ ఒక నమ్మకం పాతుకుపోయి ఉంది. తేదీ ఏ రూపంలో వచ్చినా అర్థం చేసుకునే ఫంక్షన్ ఒకటి రాసిపెట్టుకుంటే చాలట. పంపేవాళ్లు మన చేతిలో లేరు, ఒకరు స్లాష్‌లు పెడతారు, ఒకరు గీతలు పెడతారు, ఇంకొకరు పది అంకెల సంఖ్య పంపుతారు. కాబట్టి అన్నీ గుర్తుపట్టే లైబ్రరీకి అప్పగించి, దాని చేతికి వచ్చినదాన్ని యూటీసీలోకి మార్చి డేటాబేస్‌లో పడేస్తే గొడవ వదిలిపోతుందని అంటారు. కోడ్ రివ్యూల్లో ఇది అనుభవజ్ఞుల సలహాగా చెలామణి అవుతోంది. ఫార్మాట్‌ను కచ్చితంగా రాసిన కుర్రవాడిని "ఇంత పెళుసుగా రాశావేంటి, రేపు వాళ్లు మారిస్తే పగిలిపోదూ?" అని మందలించడం కూడా మామూలే.

ఆ మందలింపే తప్పని నా వాదన. వాళ్లు ఫార్మాట్ మార్చిన రోజున మన కోడ్ పగలాలి. పగలకుండా తప్పు తేదీని లోపలికి రానిచ్చే కోడ్‌ను దృఢమైనదని పిలవడానికి వీల్లేదు. యూటీసీలోకి మారిస్తే అయిపోతుందన్న రెండో మాట కూడా సగమే నిజం. ఆ మిగతా సగం పుట్టిన తేదీల్లాంటి చోట్ల జనాన్ని గట్టిగా దెబ్బకొడుతుంది.

మాట గాలిలో తేలకుండా ఒక రెస్పాన్స్‌ను ముందు పెట్టుకుందాం. మన దేశంలోని ఒక పేమెంట్ సంస్థ ఏపీఐ ఇలా జవాబిస్తోందనుకోండి. ఉదాహరణ కోసం కూర్చిందే అయినా, ఇందులోని నాలుగు రూపాలూ రోజూ ఎదురయ్యేవే.

```json
{
  "order_date": "01/04/2024",
  "paid_at": "2024-03-31T20:15:00",
  "settled_at": 1712032200,
  "customer_dob": "1990-08-14T18:30:00.000Z"
}
```

మొదటి ఫీల్డ్‌తో మొదలుపెడదాం. మన దేశపు సంస్థ రాసింది కాబట్టి అది ఏప్రిల్ 1. పైథాన్‌లో అందరూ వాడే `dateutil` లైబ్రరీకి ఇస్తే జనవరి 4 అంటుంది. అమెరికా అలవాటు ప్రకారం నెలను ముందు చదవడం దాని డిఫాల్ట్. జావాస్క్రిప్ట్‌లో `new Date("01/04/2024")` అన్నా అదే జవాబు. ఇంతవరకే అయితే మొదటి రోజే ఎవరో ఒకరు పట్టుకునేవాళ్లు. అసలు చిక్కు 13వ తేదీ నుంచి మొదలవుతుంది. `"13/04/2024"` ఇచ్చినప్పుడు 13వ నెల లేదు కాబట్టి `dateutil` ఏ హెచ్చరికా లేకుండా వరస మార్చేసి ఏప్రిల్ 13 అని సరిగ్గా చదువుతుంది. ఒకే ఫైల్‌లో, ఒకే కాలమ్‌లో, ఒక వరుసను ఒక పద్ధతిలో, కింది వరుసను ఇంకో పద్ధతిలో చదివేస్తుంది. నెల చివర్లో రాసిన టెస్టులన్నీ పచ్చగా వెలుగుతాయి.

దీని కొలత ఎంతో లెక్క కట్టవచ్చు. రోజు, నెల రెండూ 12 లోపు ఉన్న తేదీలు ఏడాదికి 144. వాటిలో 4/4, 7/7 లాంటివి ఎటు చదివినా ఒకటే, అవి 12. మిగిలిన 132 తేదీలు తారుమారవుతాయి. ఏడాదిలో మూడో వంతుకు పైగా రోజుల డేటా తప్పు, మిగతాది ఒప్పు. అంతా తప్పైతే పట్టుకోవడం తేలిక. మూడింట ఒకటి తప్పై, అది కూడా నెల మొదటి పన్నెండు రోజుల్లోనే జరిగితే, ఏడాది చివర ఆడిట్ దాకా ఎవరి కంటా పడకపోవచ్చు.

ఏప్రిల్ నెల ఫైల్ ఒక్కటే తీసుకుని చూడండి. ఏప్రిల్ 1 నాటి ఆర్డర్లు జనవరి 4కు, 2వ తేదీవి ఫిబ్రవరి 4కు, 3వ తేదీవి మార్చి 4కు పోతాయి. 4వ తేదీవి ఉన్నచోటే ఉంటాయి. 5వ తేదీవి మే 4కు, అలా సాగి 12వ తేదీవి డిసెంబర్ 4కు చేరతాయి. మొదటి మూడు రోజుల అమ్మకాలు ముగిసిపోయిన 2023-24 ఆర్థిక సంవత్సరంలోకి జారిపోయాయి. తర్వాతి రోజులవి ఇంకా రాని నెలల్లో కూర్చున్నాయి. ఈ జబ్బు ఉందో లేదో తెలుసుకోవడానికి ఇదే దారి. చదివిన తర్వాత వచ్చిన తేదీలను రోజువారీగా లెక్కపెట్టండి. ఒక నెల ఫైల్‌లో ప్రతి నెలా ఒకే తారీఖున కొన్ని రికార్డులు కనబడినా, భవిష్యత్తు తేదీలు కనబడినా రోజు, నెల తారుమారైనట్టే.

అప్పుడు `dayfirst=True` పెడితే సరి అంటారు. పెట్టి చూడండి. ఆ ఆప్షన్‌తో `"2024-04-01"` అనే శుభ్రమైన తేదీని ఇస్తే అది 2024 జనవరి 4 అంటుంది. ఏడాది ముందున్నా సరే, మిగిలిన రెండింటిలో రోజే ముందని అనుకుంటుంది. స్లాష్ తేదీలను బాగుచేయబోతే అప్పటిదాకా బాగున్న గీతల తేదీలు చెడిపోయాయి. ఊహించే పార్సర్‌ను ఆప్షన్లతో సరిదిద్దాలని చూడటంలో ఉన్న ఇబ్బంది ఇదే. దానికి ఫీల్డ్ తెలియదు, పంపినవాడు తెలియడు, చేతిలో ఉన్న అక్షరాలు మాత్రమే తెలుసు. ఆ అక్షరాల్లో జవాబు లేనప్పుడు ఏ ఆప్షనూ దాన్ని పుట్టించలేదు.

ఈ విషయంలో లైబ్రరీలు రాసేవాళ్లే వెనక్కి తగ్గారన్నది గమనించాలి. పాండాస్ ఒకప్పుడు కాలమ్‌లోని ఒక్కో విలువను విడివిడిగా ఊహించేది. 2023 ఏప్రిల్‌లో వచ్చిన 2.0 వెర్షన్‌లో ఆ పద్ధతి మానేసింది. ఇప్పుడు మొదటి విలువను చూసి ఒక ఫార్మాట్ ఖాయం చేసుకుని, మిగతావి దానికి లోబడకపోతే ఎర్రర్ ఇస్తుంది. మొదటి విలువ దగ్గర ఊహ ఇంకా మిగిలే ఉంది కాబట్టి ఇది పూర్తి పరిష్కారం కాదు. కానీ అన్నింటినీ మింగడమే గొప్ప అనుకున్న చోటి నుంచి వచ్చిన మార్పు ఇది.

ఇక రెండో ఫీల్డ్, `paid_at`. చూడటానికి ఎంత పద్ధతిగా ఉందో! ఏడాది ముందు, మధ్యలో `T`, సెకన్లతో సహా ఉన్నాయి. లేనిదొక్కటే, అది ఏ గడియారం టైమో చెప్పే ఆఫ్‌సెట్. భారత కాలమానం అయితే చెల్లింపు మార్చి 31 రాత్రి ఎనిమిదింపావుకు జరిగింది. యూటీసీ అయితే మనకు ఏప్రిల్ 1 తెల్లవారుజామున 1:45. మధ్యలో ఆర్థిక సంవత్సరమే మారిపోయింది. ఇది ఏ నెల జీఎస్టీ లెక్కలోకి వెళ్లాలన్నది ఆ రాయని ఆరు అక్షరాల మీద ఆధారపడి ఉంది.

"ఐఎస్ఓ 8601 కదా, ఇంకేం సందేహం?" అంటారు ఇక్కడ. ఐఎస్ఓ 8601లో ఆఫ్‌సెట్ తప్పనిసరి కాదు. లేకపోతే అది స్థానిక సమయం, ఎవరి స్థానికమో ఆ అక్షరాల్లో ఉండదు. తప్పనిసరి చేసింది 2002 జులైలో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 3339. డాక్యుమెంటేషన్‌లో "ఐఎస్ఓ 8601 ఫార్మాట్" అని రాసి చేతులు దులుపుకున్న ఏపీఐ మనకు ఏమీ చెప్పనట్టే లెక్క.

ఇలాంటి ఆఫ్‌సెట్ లేని టైమ్‌లు ఎక్కడి నుంచి పుడతాయో తెలిస్తే, వాటిని ఊహకు వదిలేయకూడదని ఇంకా బాగా అర్థమవుతుంది. పైథాన్‌లో `datetime.utcnow().isoformat()` అని రాస్తే యూటీసీ టైమ్ వస్తుంది, కానీ అది యూటీసీ అని చెప్పే గుర్తు రాదు. ఏళ్ల తరబడి లక్షల చోట్ల రాసిన వరుస ఇది. చివరికి 3.12 వెర్షన్‌లో `utcnow`ను వాడొద్దని ప్రకటించారు. జావా వైపు దీనికి తోబుట్టువు ఒకటుంది, ఇంకా ప్రమాదకరమైనది. `SimpleDateFormat`కు `"yyyy-MM-dd'T'HH:mm:ss'Z'"` అనే ప్యాటర్న్ ఇస్తారు. కోట్స్‌లో పెట్టిన ఆ `Z` ఉత్త అక్షరం. సర్వర్ గడియారం భారత కాలమానంలో ఉంటే మన టైమే బయటికొస్తుంది, దాని తోకకు మాత్రం యూటీసీ అన్న ముద్ర పడుతుంది. అంటే ఆఫ్‌సెట్ లేకపోవడమే కాదు, ఉన్న ఆఫ్‌సెట్ అబద్ధమాడటం కూడా జరుగుతుంది. దీన్ని ప్రపంచంలోని ఏ పార్సరూ పట్టుకోలేదు.

మనిషి పట్టుకోగలడు. అదెలాగో చెప్తాను. హెచ్‌టీటీపీ రెస్పాన్స్‌తో పాటు `Date` అనే హెడర్ వస్తుంది, దాని టైమ్ ఎప్పుడూ జీఎంటీలోనే ఉంటుంది. ఒక రూపాయి చెల్లింపు చేసి, వెంటనే ఆ రికార్డును తెప్పించి, `paid_at`ను ఆ హెడర్ పక్కన పెట్టి చూడండి. తేడా సెకన్లలో ఉంటే `paid_at` యూటీసీయే. అది అయిదున్నర గంటలు ముందుంటే మీ చేతిలో ఉన్నది భారత కాలమానం, చివర `Z` ఉన్నా సరే. పాత డేటా మాత్రమే ఉంటే చెల్లింపులను గంటలవారీగా లెక్కపెట్టండి. మన దేశపు వినియోగదారులు తెల్లవారుజామున రెండు నుంచి అయిదు దాకా పెద్దగా ఏమీ కొనరు. ఆ సద్దుమణిగిన వేళ డేటాలో 2 నుంచి 5 మధ్య కనబడితే భారత కాలమానం. 20:30 నుంచి 23:30 మధ్య కనబడితే యూటీసీ.

మన ఉదాహరణలో ఇంకో ఆధారం కూడా ఉంది. ఆర్డర్ తేదీ ఏప్రిల్ 1, చెల్లింపు మార్చి 31 రాత్రి అంటే ఆర్డర్ పెట్టకముందే డబ్బు కట్టినట్టవుతుంది. యూటీసీగా చదివితే రెండూ కుదురుతాయి. ఒక్క రికార్డుతో తీర్పు చెప్పకూడదు కానీ, ఇలాంటివి నాలుగైదు వందలు ఒకే దిక్కు చూపిస్తే పేమెంట్ సంస్థను అడగడానికి మన దగ్గర గట్టి ప్రశ్న ఉంటుంది.

బ్రిటన్ లాంటి దేశాల ఏపీఐలతో మాత్రం ఒక్కసారి చూసి సరిపెట్టుకోకూడదు. లండన్‌లో చలికాలం స్థానిక సమయమూ యూటీసీ ఒకటే. జనవరిలో హెడర్‌తో పోల్చి యూటీసీ అని ఖాయం చేసుకుంటాం. మార్చి చివరి ఆదివారం, 2024లో అది సరిగ్గా 31వ తేదీ, అక్కడి గడియారాలు గంట ముందుకు జరుగుతాయి. అది నిజానికి లండన్ టైమ్ అయితే ఆ రోజు నుంచి మన డేటా అంతా గంట తేడాతో వస్తుంది. చలికాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి చూస్తేనే ఆ జవాబుకు విలువ.

అంకెల ఆఫ్‌సెట్‌కు బదులు పొట్టి పేరు రాసే ఏపీఐలు ఇంకో రకం. `"2024-04-01 01:45:00 IST"` అని వస్తుంది. మనకు ఐఎస్‌టీ అంటే ఒకటే అర్థం. కంప్యూటర్లకు భారత్ ఉంది, ఇజ్రాయెల్ ఉంది, ఐర్లాండ్ కూడా ఉంది. పోస్ట్‌గ్రెస్‌తో పాటు వచ్చే డిఫాల్ట్ పట్టికలో `IST` అంటే ఇజ్రాయెల్, యూటీసీకి రెండు గంటలు ముందు. మన అర్థం కావాలంటే `timezone_abbreviations`ను `'India'`కు మార్చాలి. జావాలో అదే పేరు కోల్‌కతా. `dateutil` సంగతి వీటన్నింటికంటే చిత్రం. ఆ పేరు తాను నడుస్తున్న కంప్యూటర్ స్థానిక టైమ్‌జోన్ పేరుతో కలిస్తే స్థానిక సమయంగా తీసుకుంటుంది. కలవకపోతే ఒక వార్నింగ్ ఇచ్చి, జోన్ లేకుండానే టైమ్‌ను తిరిగిస్తుంది. హైదరాబాద్‌లో ల్యాప్‌టాప్ మీద నడిపితే సరైన జవాబు. అదే కోడ్‌ను యూటీసీలో నడిచే కంటైనర్‌లో పెడితే జోన్ ఊడిపోయిన టైమ్. దానికి తర్వాతి వరుసలో ఎవరో యూటీసీ తగిలిస్తే అయిదున్నర గంటల తప్పు ఖాయం. "నా దగ్గర పనిచేస్తోంది" అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం కూడా.

మూడో ఫీల్డ్ సంఖ్య. 1712032200 అంటే 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు. మన టైమ్‌లో 2024 ఏప్రిల్ 2, ఉదయం పది. జావాస్క్రిప్ట్‌, జావా మిల్లీసెకన్లు కోరుకుంటాయి. వాటికి ఇదే సంఖ్యను నేరుగా ఇస్తే ఏ ఎర్రరూ లేకుండా 1970 జనవరి 20 అంటాయి. మిల్లీసెకన్లను పొరపాటున సెకన్లుగా చదివితే ఏడాది 56 వేలు దాటిపోతుంది కాబట్టి పైథాన్ అక్కడికక్కడే ఆగిపోతుంది. పది అంకెలైతే సెకన్లు, పదమూడైతే మిల్లీసెకన్లు అని చూసుకునే చిట్కా ఇటీవలి లావాదేవీలకు పనికొస్తుంది. 2001 సెప్టెంబర్‌కు ముందు తేదీల్లో సెకన్లకూ మిల్లీసెకన్లకూ అంకెలు తగ్గుతాయి, 1970కు ముందు సంఖ్య రుణాత్మకమవుతుంది. కాబట్టి ఇక్కడ కూడా యూనిట్‌ను అడిగి తెలుసుకుని రాయాలి. ఏడాది మన వ్యాపారానికి తగిన హద్దుల్లో ఉందో లేదో చూడటం అదనపు కాపలా.

ఊహించే పార్సర్ పక్షాన ఉన్నవాళ్లు ఇక్కడ పెద్ద పేరొకటి తెస్తారు. జాన్ పోస్టెల్ 1980లో టీసీపీ స్పెసిఫికేషన్‌లో రాసిన సూత్రం ఉంది కదా, పంపేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి, తీసుకునేటప్పుడు ఉదారంగా ఉండాలని. ఆ ఉదారత తీసుకున్నదాని అర్థం స్పష్టంగా ఉన్నప్పుడు చెల్లుతుంది. `+0530` అని కోలన్ లేకుండా వచ్చినా, సెకన్ల తర్వాత మూడు అంకెలకు బదులు ఆరు వచ్చినా తీసుకోండి, అర్థం మారదు. `01/04/2024` సంగతి వేరు. అక్కడ చేసేది ఉదారంగా స్వీకరించడం కాదు, పంపినవాడి తరఫున నిర్ణయం తీసుకోవడం. ఇంటర్నెట్ ఆర్కిటెక్చర్ బోర్డు కూడా 2023 జూన్‌లో ఆర్ఎఫ్‌సీ 9413 పేరుతో ఈ సూత్రాన్ని తిరగదోడింది. తప్పులను సహిస్తూ పోతే ఆ తప్పులే అలవాటై పాతుకుపోతాయని, వాటిని బయటపెట్టి సరిచేయించడమే ప్రోటోకాల్ ఆరోగ్యమని ఆ పత్రం సారం. తేదీల విషయంలో ఇది కళ్లెదుటే కనబడుతోంది. అందరి పార్సర్లూ ఏదో ఒకటి మింగేస్తుంటే, పంపేవాడికి ఫిర్యాదే రాదు, ఫార్మాట్ ఎన్నటికీ బాగుపడదు.

రూపాలు వేర్వేరుగా ఉండటమే నేరమని కూడా నేను అనడం లేదు. గిట్‌హబ్ ఏపీఐని పిలిస్తే ఒకే జవాబులో మూడు రూపాలు వస్తాయి. `Date` హెడర్ హెచ్‌టీటీపీ పద్ధతిలో వారం పేరుతో ఉంటుంది. `x-ratelimit-reset` సెకన్ల సంఖ్య. బాడీలో `created_at` చివర `Z`తో ఉంటుంది. మూడింటి అర్థమూ రాసిపెట్టి ఉంది కాబట్టి ఎవరూ ఇబ్బంది పడరు. ఏ ఫీల్డ్‌కు ఏది అన్న మాట ముందే తెలిస్తే మూడు చిన్న ఫంక్షన్ల కోడ్ చాలు. మన ఉదాహరణకు అది ఇలా ఉంటుంది.

```python
from datetime import datetime, timezone

def order_date(s):
    return datetime.strptime(s, "%d/%m/%Y").date()

def paid_at(s):
    t = datetime.strptime(s, "%Y-%m-%dT%H:%M:%S")
    return t.replace(tzinfo=timezone.utc)

def settled_at(n):
    t = datetime.fromtimestamp(n, tz=timezone.utc)
    if not 2015 <= t.year <= 2040:
        raise ValueError(n)
    return t
```

ఇందులో తెలివితేటలేమీ లేవు, అదే దీని బలం. `paid_at`లో `replace` వాడటానికి కారణం ఉంది. జోన్ లేని టైమ్ మీద `astimezone` పిలిస్తే అది నడుస్తున్న కంప్యూటర్ జోన్‌ను తగిలిస్తుంది, మళ్లీ ల్యాప్‌టాప్‌కూ సర్వర్‌కూ జవాబు మారుతుంది. `replace` మాత్రం మనం విచారించి తేల్చుకున్న విషయాన్ని యథాతథంగా రాస్తుంది. రేపు వాళ్లు `paid_at` చివర `Z` చేర్చారనుకోండి, `strptime` వెంటనే `unconverted data remains: Z` అని ఆగుతుంది. వాళ్లు ఏదో మార్చారని మనకు ఆ రోజే తెలిసింది. ఆ మార్పుతో పాటు గడియారాన్ని కూడా మార్చారేమో చూసి, రెండో ఫార్మాట్‌ను అంగీకరించాలో వద్దో మనుషులు నిర్ణయిస్తారు.

"అర్ధరాత్రి సెటిల్‌మెంట్ జాబ్ ఆగిపోతే ఎవరు లేచి చూస్తారు?" అన్నది ఈ వాదనలో నేను గౌరవించే ఒకే ఒక్క అభ్యంతరం. దానికి జవాబు జాబ్ అంతా ఆపడం కాదు. చదవలేని రికార్డును పక్కన ఒక పట్టికలో పెట్టి, మిగతావాటితో ముందుకు సాగాలి. పక్కన పెట్టినదానిలో వచ్చిన అక్షరాలు, ఫీల్డ్ పేరు, వచ్చిన సమయం, ఎర్రర్ ఉండాలి. అలాంటివి వందలో ఒకటి దాటితే అలర్ట్ మోగాలి. నిజానికి చదవగలిగిన రికార్డులకు కూడా వచ్చిన అక్షరాలను మార్చకుండా ఒక కాలమ్‌లో దాచాలి. ఆగిపోయిన రికార్డును పొద్దున్నే మళ్లీ నడపవచ్చు. తప్పు తేదీతో లోపలికి వెళ్లి, అసలు అక్షరాలు పారేసిన రికార్డును ఆరు నెలల తర్వాత ఎవరు ఎలా బాగుచేస్తారు? జనవరి 4 అని ఉన్నది నిజంగా జనవరి 4 నాటిదో, ఏప్రిల్ 1 నాటిదో చెప్పే ఆధారమే మిగలదు.

ఇక నాలుగో ఫీల్డ్. యూటీసీలోకి మారిస్తే అయిపోతుందనే వాదన ఇక్కడే కూలుతుంది. `"1990-08-14T18:30:00.000Z"` లో ఏ లోపమూ లేదు. ఆర్ఎఫ్‌సీ 3339 ప్రకారం నూటికి నూరు పాళ్లు సరైనది, ఆఫ్‌సెట్ ఉంది, యూటీసీలోనే ఉంది. కానీ ఆ మనిషి పుట్టింది ఆగస్టు 15న. ఫారంలో తేదీ ఎంచుకున్నప్పుడు బ్రౌజర్ దాన్ని స్థానిక అర్ధరాత్రిగా ఒక `Date` ఆబ్జెక్ట్ చేసింది. జేసన్‌లోకి మార్చేటప్పుడు యూటీసీ కోసం అయిదున్నర గంటలు వెనక్కి జరిపింది. మొదటి పది అక్షరాలు కోసుకున్న రిపోర్ట్‌లో ఆగస్టు 14 అని పడుతుంది, ఆధార్‌తోనో పాన్‌తోనో సరిపోలదు, కేవైసీ తిరస్కరిస్తారు. మన దేశపు డేటాలో తేదీ అనుకున్న ఫీల్డ్ చివర `18:30:00.000Z` కనబడిందంటే జరిగింది ఇదే.

"సరే, కోల్‌కతా జోన్‌లోకి మార్చి తేదీ తీసుకుంటాం" అంటారు. మన దేశంలో ఫారం నింపినవాళ్లకు అది కుదురుతుంది. అదే ఫారాన్ని మెల్‌బోర్న్‌లో ఉన్న తెలుగు కుటుంబం నింపితే అక్కడి అర్ధరాత్రి `1990-08-14T14:00:00.000Z` అవుతుంది. దాన్ని మన టైమ్‌లోకి తెస్తే ఆగస్టు 14 రాత్రి ఏడున్నర, మళ్లీ ఒక రోజు తక్కువ. "అయిదున్నర గంటలు కలిపేస్తే పోలా" అన్నవాళ్లకు ఇంకో మాట చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942 సెప్టెంబర్ నుంచి 1945 అక్టోబర్ దాకా, మన గడియారాలు యూటీసీకి ఆరున్నర గంటలు ముందు నడిచాయి. టైమ్‌జోన్ డేటాబేస్‌కు ఆ సంగతి తెలుసు. 1943లో పుట్టిన పెన్షనర్ తేదీని బ్రౌజర్ పంపితే చివర `17:30:00.000Z` ఉంటుంది. దానికి అయిదున్నర కలిపితే ముందు రోజు రాత్రి పదకొండు. ఎనభై దాటిన పెద్దాయన పుట్టిన రోజును ఇలా కోల్పోవడానికి ఆయన ఫారం తప్పుగా నింపలేదు, మనం తేదీని క్షణంగా మార్చాం.

క్షణం వేరు, తేదీ వేరు. చెల్లింపు జరిగింది ఒక క్షణంలో, అది ప్రపంచమంతటా ఒకటే, దాన్ని యూటీసీలో దాచడం సబబు. పుట్టిన తేదీ, ఇన్‌వాయిస్ తేదీ, బీమా ముగిసే తేదీ క్షణాలు కావు. వాటికి గంటలు లేవు, జోన్ లేదు. వాటిని `"1990-08-15"` అనే అక్షరాలుగానే పంపాలి, జావాలో `LocalDate`, పైథాన్‌లో `date`, డేటాబేస్‌లో `DATE` కాలమ్. జావాస్క్రిప్ట్‌లో ఆ అక్షరాలను `new Date`కు ఇవ్వనే కూడదు. తేదీ మాత్రమే ఉంటే అది యూటీసీ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. హైదరాబాద్‌లో కూర్చుని చూస్తే 15వ తేదీ ఉదయం అయిదున్నర, ఏ తప్పూ కనబడదు. డల్లాస్‌లో అదే పేజీ తెరిచినవాళ్లకు 14 అని కనబడుతుంది. యూటీసీకి ముందున్న దేశంలో కోడ్ రాసి వెనకున్న దేశంలో అమ్మే మన కంపెనీలకు ఈ లోపం టెస్టింగ్‌లో ఎప్పటికీ దొరకదు. ఫ్రంటెండ్ టెస్టులను `TZ=America/Chicago` పెట్టి కూడా ఒకసారి నడిపితే మొదటిసారే దొరుకుతుంది.

భవిష్యత్తు సమయాలకూ యూటీసీ ఒక్కటే సరిపోదు. మెక్సికో 2022 అక్టోబర్ చివర వేసవి గడియారాన్ని దేశంలో చాలా భాగంలో రద్దు చేసింది. అంతకుముందే 2023 జూన్‌లో ఒక సమావేశాన్ని మెక్సికో సిటీ టైమ్ ఉదయం పదింటికి పెట్టి యూటీసీలో మాత్రమే దాచినవాళ్ల క్యాలెండర్లో అది తొమ్మిదికి జరిగిపోయింది. అక్కడ దాచాల్సింది స్థానిక సమయం, దానితో పాటు `America/Mexico_City` అనే జోన్ పేరు. పంపేటప్పుడు రెండింటినీ కలిపి రాసే పద్ధతిని 2024 ఏప్రిల్‌లో ఆర్ఎఫ్‌సీ 9557 ప్రమాణంగా ఇచ్చింది. టైమ్ చివర `[America/Mexico_City]` అని బ్రాకెట్లలో చేరుస్తారు.

కాబట్టి కొత్త ఏపీఐని కలుపుకునేటప్పుడు కోడ్ కంటే ముందు వెళ్లాల్సింది ఉత్తరం. ప్రతి ఫీల్డ్‌కూ మూడు ప్రశ్నలు రాయండి: ఇది క్షణమా, తేదీయా? ఆఫ్‌సెట్ రాయకపోతే ఏ జోన్? సంఖ్య అయితే సెకన్లా, మిల్లీసెకన్లా? జవాబు వచ్చిన తేదీతో సహా దాన్ని ఆ ఫీల్డ్ పార్సర్ పక్కనే కామెంట్‌గా పెట్టండి. జవాబు రాకపోతే రూపాయి చెల్లింపుతో మీరే తేల్చుకుని, "ఫలానా రోజు హెడర్‌తో పోల్చి చూశాం" అని రాయండి. వాళ్ల అసలు రెస్పాన్స్ ఒకటి దాచిపెట్టి, అందులో రోజు 12 లోపు ఉన్న రికార్డు, మార్చి 31 రాత్రి రికార్డు తప్పకుండా ఉండేలా చూసి, టెస్టులో పెట్టండి.